రాసిందెవరు, జరిగిందేమిటి?

(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)



గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. ఆ ఉద్యమంలో పెద్ద పోరు జరిగింది పిల్లల వ్యాసాల మీద. స్కూల్ ఫైనల్ పరీక్షలో విద్యార్థి వ్యాసం ఏ తెలుగులో రాయాలి, వాడుక మాటలు కనబడితే మార్కులు తగ్గించాలా వద్దా అన్నది 1910ల్లో మద్రాసు ప్రెసిడెన్సీని కుదిపేసిన ప్రశ్న. పంతులుగారు 1913లో ఆధునిక తెలుగు గురించి ఇంగ్లీషులో మెమొరాండం రాసినా, గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం సమర్పించినా, ఆ వాదానికి ఒక కొస పరీక్షహాలులో కూర్చున్న కుర్రాడి దగ్గరే ఉంది. వాడు రాసిన దాంట్లో విషయం చూడాలా, వాక్యం పోకడ చూసి తీర్పు చెప్పాలా? నూరేళ్లు దాటాక అదే ప్రశ్న మరో రూపంలో మన పిల్లల ముందుకు వచ్చింది. ఈసారి వాక్యం పోకడ చూసి తీర్పు చెబుతున్నది ఒక సాఫ్ట్‌వేర్. అందుకే ఈ వేదిక మీద ఈ విషయం ఎంచుకున్నాను.

పై చదువులకు విదేశాలకు వెళ్లేవారు, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు చేసేవారు ఒక వ్యాసం రాయాలి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు, వాడుకలో ఎస్‌ఓపీ. నేను ఏం చదివాను, ఏం చేశాను, ఇక ముందు ఏం చేయదలచుకున్నాను, దానికి మీ విశ్వవిద్యాలయమే ఎందుకు కావాలి అని చెప్పుకునే ఒకటి రెండు పేజీలు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ రెండు పేజీలు ఎవరు రాశారన్న అనుమానం మొదలైంది. అనుమానం తీర్చుతామంటూ డిటెక్టర్లు వచ్చాయి. వ్యాసం అందులో వేస్తే ఇది ఇంత శాతం ఏఐ రాసింది అని ఒక అంకె చూపిస్తాయి. నేను ఒక చిన్న ట్రస్టు ఎంపిక సంఘంలో దరఖాస్తులు చదివే పని చేస్తున్నాను, అంతకుముందు చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఆ అంకె మా బల్ల మీదికీ వచ్చింది. అది దేన్ని కొలుస్తుందో తెలియకుండా దాన్ని బట్టి ఒక అమ్మాయి చదువు ఆపడం తగదని నాకు గట్టిగా అనిపించింది.

అది కొలిచేది ఏమిటో ముందు చెబుతాను. "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే" అని నేను ఆపేస్తే మీలో చాలామంది "ఎంతో ఆసక్తి" అని పూరిస్తారు. ఆ తర్వాతి మాట ఊహకు అందేదే. భాషా నమూనాలు వాక్యాలు తయారుచేసేది కూడా ఇలాగే, ఇంతవరకు వచ్చిన మాటలను బట్టి తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి. తొలినాటి డిటెక్టర్లు ఇదే లెక్కను తిరగేసి వాడుకున్నాయి. వ్యాసంలో ఒక్కో మాట ఎంత ఊహకు అందేలా ఉందో కొలుస్తాయి. దీన్ని పర్‌ప్లెక్సిటీ అంటారు. మాటలన్నీ ఊహించినట్టే వస్తుంటే అంకె తక్కువ, రాసింది యంత్రం కావచ్చునని అనుమానం ఎక్కువ. 2023 జనవరిలో ప్రిన్స్‌టన్ విద్యార్థి ఎడ్వర్డ్ టియాన్ తెచ్చిన జీపీటీజీరో దీనికి తోడు వాక్యాల హెచ్చుతగ్గులను కూడా చూసేది. మనిషి రాతలో ఒక వాక్యం పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి సాదా, ఒకటి మెలిక తిరిగినది ఉంటాయనీ, యంత్రం రాతలో అన్నీ ఒకే తీరులో సాగుతాయనీ దాని వెనక ఊహ. ఇప్పటి డిటెక్టర్లు చాలామటుకు మనిషి రాతలూ యంత్రం రాతలూ కుప్పలుగా చూపించి తేడా నేర్పించినవి. అయినా అవి చూసేది కాగితం మీద ఉన్న మాటల పోకడనే. ఆ మాటల వెనక ఒక ల్యాబ్ ఉందా, ఒక ఊరు ఉందా, ఒక నిద్రలేని రాత్రి ఉందా అన్నది వాటి కంటికి ఆనదు.

ఇక్కడే మన పిల్లలకు చిక్కు వచ్చింది. ఇంగ్లీషు మన ఇంటి భాష కాదు. తెలిసిన మాటలు, తప్పు పోవని ఖాయంగా తెలిసిన వాక్యాలే వాడతాం. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ శిక్షణలో మూస వాక్యాలు బట్టీ పట్టిస్తారు. మొదటి పేరాకు ఈ వాక్యం, మలుపుకు ఈ మాట, ముగింపుకు ఈ పదబంధం అని అచ్చు పోసి ఇస్తారు. అలా రాస్తే పర్‌ప్లెక్సిటీ తగ్గక ఏమవుతుంది?

దీన్ని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొలిచి చూపించారు. 2023లో ప్యాటర్న్స్ పత్రికలో వచ్చిన వారి పరిశోధనలో 91 టోఫెల్ వ్యాసాలు తీసుకున్నారు. అన్నీ ఇంగ్లీషు మాతృభాష కాని మనుషులు రాసినవే. వాటితోపాటు అమెరికా బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన 88 వ్యాసాలు తీసుకున్నారు. ఏడు డిటెక్టర్లలో వేశారు. అమెరికా పిల్లల వ్యాసాలను అవి దాదాపు సరిగానే గుర్తించాయి. టోఫెల్ వ్యాసాల్లో మాత్రం సగటున 61 శాతానికి పైగా ఏఐ రాసినవని ముద్ర వేశాయి. 91లో 18 వ్యాసాల మీద ఏడు డిటెక్టర్లూ ఒకే మాటగా తప్పుడు తీర్పు చెప్పాయి. కనీసం ఒక్క డిటెక్టరైనా అనుమానించినవి 89.

తర్వాత వాళ్లు చేసిన పని ఇంకా గమనించదగ్గది. ఆ టోఫెల్ వ్యాసాలనే చాట్‌జీపీటీకి ఇచ్చి, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు రాసినట్టు పదజాలం పెంచమన్నారు. అంటే ఇప్పుడు నిజంగానే యంత్రం చెయ్యి పడింది. అప్పుడు ఏఐ అన్న ముద్ర 61 శాతం నుంచి 12 లోపుకు పడిపోయింది. సొంతంగా రాసినవాడు దొంగయ్యాడు, యంత్రంతో దిద్దించుకున్నవాడు దొర అయ్యాడు.

ఇవి 2023 నాటి పరికరాలు. తర్వాత చాలా మారాయి, కొన్ని మెరుగయ్యాయి, కాబట్టి ఆ 61ని తెచ్చి ఈనాటి ప్రతి డిటెక్టరుకూ తగిలించడం న్యాయం కాదు. కానీ ఏ పరికరానికైనా కొంత పొరపాటు ఉంటుంది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరి ఆఖరున ఒక డిటెక్టర్ విడుదల చేసింది. అది యంత్రం రాసిన వాటిలో 26 శాతాన్నే పట్టుకుందని, మనుషులు రాసిన వాటిలో 9 శాతాన్ని తప్పుగా అనుమానించిందని తనే చెప్పింది. అదే ఏడాది జులైలో, కచ్చితత్వం చాలదంటూ దాన్ని ఎత్తేసింది. విశ్వవిద్యాలయాల్లో బాగా వాడుకలో ఉన్న టర్నిటిన్ సంస్థ తన తప్పుడు అనుమానాలు 1 శాతం లోపేనని చెప్పుకుంది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఆ మాటనే నమ్మి లెక్క వేసింది. 2022లో తమ దగ్గర ఆ సంస్థ ద్వారా వచ్చిన రాతలు 75,000. ఒక శాతం అంటే 750. అంతమంది మీద ఊరికే నింద పడవచ్చునని గ్రహించి 2023 ఆగస్టులో ఆ డిటెక్టరును ఆపేసింది. మా ట్రస్టు చిన్నది. సొంతంగా రాసినవాళ్లు 200 మంది ఉన్నారనుకుంటే 1 శాతం పొరపాటుకు ఇద్దరు, 9 శాతానికి 18 మంది. ఇద్దరే కదా అనడం సులువు. ఆ ఇద్దరిలో ఒకరి కథ ఇప్పుడు చెబుతాను. ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆ అమ్మాయిది నల్లగొండ ప్రాంతం. సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, పర్యావరణ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్‌కు వెళ్లాలని దరఖాస్తు పెట్టింది. ఆమె వ్యాసంలో ఎక్కువ భాగం ఏఐ రాసిందని డిటెక్టర్ చెప్పింది. సంఘంలో ఒకరు ఫైలు పక్కన పెడదామన్నారు. నేను పిలిచి మాట్లాడదామన్నాను.

ఆమె ఇంగ్లీషులో రాసిన ఒక పేరాను తెలుగులో చెబుతాను: "నీటి భద్రత నేటి ప్రపంచం ఎదుర్కొంటున్న కీలకమైన సవాళ్లలో ఒకటి. డిగ్రీ చదువులో నేను గట్టి సైద్ధాంతిక పునాదిని, ఆచరణాత్మక అనుభవాన్ని సంపాదించుకున్నాను. ఫ్లోరైడ్ తొలగింపుపై చేసిన ప్రాజెక్టు నా విశ్లేషణ సామర్థ్యాన్ని, జట్టుగా పనిచేసే నైపుణ్యాన్ని పెంపొందించింది." ఇందులో తప్పేమీ లేదు. కానీ ఫ్లోరైడ్ అన్న ఒక్క మాట తీసి బ్యాటరీ అని పెడితే ఎలక్ట్రికల్ విద్యార్థికి సరిపోతుంది, కాంక్రీట్ అని పెడితే పక్క బెంచీ వాడికి సరిపోతుంది.

ఆ అమ్మాయి వచ్చింది. ఏఐ వాడావా అని అడగలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు అవును కాదు తప్ప ఇంకో జవాబు ఉండదు, ఏది చెప్పినా మాకు తెలిసేది ఏమీ ఉండదు. "ప్రాజెక్టులో ఏ రోజు ఎక్కువ ఇబ్బంది పడ్డావమ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి చెప్పింది: "సార్, నీళ్లు బాగైనయనుకున్న. మీటర్ల మస్తు తక్కువ చూపెట్టింది. మా ల్యాబ్ అన్న వచ్చి, బఫర్ ఏసినవా అన్నడు. ఎయ్యలే సార్. మల్ల ఏసి చూస్తే అంతా తారుమారైంది."

ఆ తారుమారు ఏమిటో ఆమె నోట విన్నాక మాలో ఎవరికీ సందేహం మిగల్లేదు. నల్లగొండ టెక్నిక్ పేరు మీలో కొందరు విని ఉంటారు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన పద్ధతి ఇది. ఫ్లోరైడ్ నీటిలో పటిక, సున్నం కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడగడతారు. ఈ అమ్మాయి తమ ఊరి బోరు నీటితో ల్యాబ్‌లో అదే చేసింది. ముడి నీటిలో లీటరుకు 4.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. మన దేశంలో తాగునీటికి మరో దారి లేనప్పుడు ఒప్పుకునే పై హద్దు 1.5. శుద్ధి చేశాక ఎలక్ట్రోడ్‌తో చూస్తే 0.6 వచ్చింది. సంబరపడింది. అయితే ఆ ఎలక్ట్రోడ్ నీటిలో విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూడగలదు. పటికలోంచి వచ్చిన అల్యూమినియం కొంత ఫ్లోరైడ్‌ను తనతో కట్టి ఉంచుతుంది. ఆ కట్టు విప్పే బఫర్ ద్రావణం కలిపి చూస్తే తప్ప అసలు లెక్క తెలియదు. కలిపి చూస్తే 2.3 వచ్చింది. అంటే ఆ నీళ్లు ఇంకా తాగడానికి పనికిరావు. అప్పటిదాకా రాసుకున్న రీడింగులన్నీ కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చేసింది. ఆ కొట్టివేతలున్న రఫ్ నోటుబుక్కు సంచీలో తెచ్చుకుంది, అడిగితే చూపించింది. బఫర్ వేసిన రోజు నుంచి పేజీకి పక్కన ఒక కొత్త గడి గీసి ఉంది.

ఇదంతా వ్యాసంలో ఎందుకు రాయలేదని అడిగాను. తప్పు చేశానని రాస్తే సీటు ఇవ్వరనుకుందట. సీనియర్ల ఎస్‌ఓపీలు మూడు దగ్గర పెట్టుకుని, వాటి తీరులో, ఒక్కో వాక్యం డిక్షనరీ చూసుకుంటూ తనే రాసింది. తన జీవితంలో తనకే జరిగినదాన్ని తీసేసి, అందరికీ జరిగేదాన్ని పెట్టుకుంది. డిటెక్టర్ దాన్ని ఏఐ అని చదివింది. పోకడ వరకే చూస్తే ఆ పరికరాన్ని మరీ తప్పు పట్టలేను, ఆ వాక్యాలు వేలమంది రాసి రాసి అరిగినవే. ఆ అరిగిన వాక్యాల నుంచి ఆమె నిజాయితీ మీదికి దూకిన మనుషులదే పొరపాటు.

ఈ అరిగిన ఎస్‌ఓపీ మన దగ్గర ఏఐతో పుట్టలేదు. హైదరాబాద్ కన్సల్టెన్సీల్లో పేరు, కాలేజీ మార్చి ఇచ్చే నమూనాలు ఎప్పటినుంచో ఉన్నాయి. అది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయ దరఖాస్తులు చూసే యూకాస్ సంస్థ 2007లో 50,000 వ్యక్తిగత వ్యాసాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసింది. ఎనిమిదేళ్ల వయసులో కెమిస్ట్రీ సెట్‌తో ఆడుకుంటూ పైజామాకు చిల్లులు పడేలా కాల్చుకున్నాననీ, అప్పటినుంచి సైన్సు మీద మోజు కలిగిందనీ 234 మంది రాశారు. అందరూ ఇంటర్నెట్‌లో దొరికిన ఒకే నమూనా చూసి ఎత్తుకున్నారు.

ఈ పైజామా కథ మీద కొంచెం నిలవాలి. వివరాలు రాయండి, నిర్దిష్టంగా రాయండి అని అందరం పిల్లలకు చెబుతుంటాం. పైజామాలో వివరం లేదా? వయసుంది, వస్తువుంది, చిల్లుంది. అయినా అబద్ధం. ఇప్పుడు ఏఐని అడిగితే అలాంటి వివరాలు ఎన్ని కావాలంటే అన్ని ఇస్తుంది, అమ్మమ్మ ఊరు, వరదొచ్చిన రాత్రి, విరిగిపోయిన మైక్రోస్కోపుతో సహా. కాబట్టి ఒక వివరం ఉన్నంత మాత్రాన అది అనుభవం కాదు. దాని వల్ల తర్వాత ఏదో మారి ఉండాలి. పైజామా కాలినందువల్ల ఆ 234 మందిలో ఎవరూ వేరే ప్రయోగం చేసినట్టు లేదు, వేరే పుస్తకం చదివినట్టు లేదు. నల్లగొండ అమ్మాయి కథలో బఫర్ మరవడం వల్ల రీడింగులు పోయాయి, నోటుబుక్కులో గడి పెరిగింది, అల్యూమినియంతో కట్టుబడిన ఫ్లోరైడ్ ఎంత ఉంటుందన్న కొత్త ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్న మీద పనిచేసే ల్యాబ్ కోసం వెతికితే తను ఎంచుకున్న విశ్వవిద్యాలయం దొరికింది. మీ విశ్వవిద్యాలయమే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు అక్కడ దానంతటదే వచ్చేసింది. మొదటి వ్యాసంలో అదే జవాబు "ప్రపంచ స్థాయి సౌకర్యాలు, పేరొందిన అధ్యాపకులు" అని ఉంది.

అనుభవం నిజమైనదైతే రెండో ప్రశ్నకు నిలుస్తుంది. ఏ బఫర్? రీడింగు ఎంత వచ్చింది? కొట్టేసినవి ఎన్నాళ్ల రీడింగులు? ల్యాబ్ అన్న చెప్పకపోతే ఎలా తెలిసేది? జరిగినవాడికి ఇవి సులువైన ప్రశ్నలు, మరిచిపోయినచోట మరిచిపోయానని కూడా ధైర్యంగా చెబుతాడు. అల్లినవాడు ప్రతి ప్రశ్నకూ ఇంకో అల్లిక వేసుకోవాలి. పైగా అనుభవం ఒంటరిగా ఉండదు. ప్రాజెక్టు రిపోర్టులో అదే అంకె ఉంటుంది, మార్కుల జాబితాలో ఆ ప్రాజెక్టు ఉంటుంది, గైడ్ ఇచ్చిన సిఫారసు ఉత్తరంలో అదే సంగతి ఇంకో కోణం నుంచి వస్తుంది. దరఖాస్తుదారు చేయాల్సిందల్లా ఈ కాగితాలు ఒకదాన్నొకటి సమర్థించేలా చూసుకోవడం. సిఫారసు ఉత్తరం రాసే మాస్టారికి మీ నోటుబుక్కు చూపించి, ఆ రోజు ఏం జరిగిందో గుర్తుచేయండి. ఆయన కూడా అరిగిన వాక్యాలు రాయకుండా తప్పించుకుంటారు.

ఆ అమ్మాయి మళ్లీ రాసింది. రెండో వ్యాసంలో ఆ పేరా ఇలా మొదలైంది: "శుద్ధి చేసిన నీటికి నా మీటర్ 0.6 చూపించింది. అది తప్పు. నేను బఫర్ కలపలేదు. కలిపాక 2.3 వచ్చింది." ఇంగ్లీషు మరీ సాదాగా ఉంది. ఒకచోట ఆర్టికల్ కూడా తప్పింది. దాన్ని డిటెక్టరులో మేం మళ్లీ వేయలేదు. అంకె ఎంత వచ్చినా మా నిర్ణయం మారదు కాబట్టి వేయాల్సిన అవసరం కనబడలేదు.

ఇలా రాయడం మన పిల్లలకు ఎందుకు కష్టమవుతోందో అధ్యాపకుడిగా నాకు తెలుసు. ఇంగ్లీషులో ఆలోచించబోతే ముందు బట్టీ పట్టిన వాక్యాలే వస్తాయి. ఆ అమ్మాయి బఫర్ కథ నాకు చెప్పింది తన ఊరి తెలుగులో. అందుకే విద్యార్థులకు నేను చెప్పేది, మొదటి రాత ఇంగ్లీషులో వద్దు. జరిగింది జరిగినట్టు ఒక స్నేహితుడికి తెలుగులో చెప్పండి, ఫోనులో రికార్డు చేసుకోండి. విని, కాగితం మీద పెట్టండి. ఏ రోజు, ఎవరు, ఏ వస్తువు, ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఆ తర్వాత మీకొచ్చిన ఇంగ్లీషులో రాయండి. తెలుగు రాతను మొత్తంగా అనువాద యంత్రంలో వేసి బయటికి తీస్తే మళ్లీ ఆ నున్నటి వాక్యాలే వస్తాయి, అనుమానమూ వస్తుంది. వ్యాకరణం దిద్దే సాధనాలు కూడా ఒక్కో తప్పు చూపిస్తే దిద్దుకోవడానికి పనికొస్తాయి, పేరా మొత్తం తిరగరాయడానికి ఒప్పుకుంటే మీ గొంతు పోతుంది.

ఏది వాడవచ్చు, ఏది కూడదు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంది. అమెరికాలో కామన్ యాప్ తన మోసపు దరఖాస్తుల నియమంలో, ఏఐ ఇచ్చిన సారాన్ని సొంతదిగా చూపించడాన్ని 2023లో చేర్చింది. కాల్‌టెక్ వంటి సంస్థలు వ్యాకరణం సరిచూసుకోవడం తప్పు కాదని, ఏఐ రాసింది ఎత్తి పెట్టడం తప్పని విడమరచి చెప్పాయి. బ్రిటన్ యూకాస్ 2026 ప్రవేశాల నుంచి ఒకే పొడుగు వ్యాసాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టింది. ఈ కోర్సు ఎందుకు, చదువు నిన్నెలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు అని అడుగుతోంది. మీరు దరఖాస్తు చేసే చోటి నియమం చదివి, దాన్నే పాటించండి.

రాసే దారిని కూడా దాచుకోవాలి. గూగుల్ డాక్స్‌లో మొదటి నుంచీ ఒకే ఫైలులో రాస్తే File, Version history, See version history అని వెళ్లినప్పుడు ఏ రోజు ఏ గంటకు ఏ వాక్యం చేర్చారో, ఏది కొట్టేశారో కనబడుతుంది. రెండు మూడు వారాలుగా పెరిగిన వ్యాసానికీ, ఒక్క నిమిషంలో అతికించిన వ్యాసానికీ తేడా అక్కడ తెలిసిపోతుంది. ఇంట్లో కంప్యూటర్ లేక నెట్ సెంటర్‌లో టైపు చేసుకునేవాళ్లకు ఈ చరిత్ర ఉండదు. నల్లగొండ అమ్మాయికీ లేదు. చేతిరాత ముసాయిదాలు కూడా ఆమెకు తోడ్పడ్డాయి. వాటిని పారేయకండి, తేదీలు వేసి ఉంచండి.

డిటెక్టరుకు భయపడి కొందరు ఇంకో గోతిలో పడుతున్నారు. రాసింది మనిషి రాసినట్టు మారుస్తామని చెప్పే సాధనాలకు డబ్బు కట్టి, సొంతంగా రాసిన వ్యాసాన్ని కూడా అందులో వేస్తున్నారు. అవి చేసేది ఊహకు అందే మాట తీసి అందని మాట పెట్టడమే. శాస్త్ర పత్రికల్లో ఇలాంటి మార్పిడి చేసినవారి రాతలను కబానాక్, లబే, మాగజినోవ్ అనే పరిశోధకులు 2021లో బయటపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ఉండాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అని వచ్చింది. ఎస్‌ఓపీ చదివే ప్రొఫెసరుకు తన రంగంలోని మాట ఇలా వికటించి కనబడితే ఇక ఏ డిటెక్టరూ అక్కర్లేదు.

మరొకటి చెప్పడానికి నాకు బాధగా ఉంది. నిజమైన అనుభవం అనగానే కష్టాలు రాయాలని పిల్లలు అనుకుంటున్నారు. నాన్న అప్పులు, అమ్మ ఆపరేషన్, పస్తులున్న రోజులు వరసగా పేరుస్తున్నారు. నల్లగొండ అమ్మాయి నాయనమ్మకు ఫ్లోరోసిస్, మోకాళ్లు వంగవు, కింద కూర్చోలేదు. మొదటి ముసాయిదాలో దాని మీద ఒక పేజీ ఉంది. ఎవరో సీనియర్ కన్నీళ్లు తెప్పించేలా రాయమన్నాడట. ఆమెకు అది ఇష్టం లేక మొత్తం తీసేసింది. రెండోసారి ఒక్క వాక్యం ఉంచింది, ఆ బోరు నీళ్లే తన ఇంట్లోవాళ్లు తాగారని. నాకు అదే సరిగ్గా అనిపించింది. కుటుంబ ఆదాయం తెలుసుకోవడానికి సర్టిఫికెట్ అడుగుతాం, అది చాలు. తన వాళ్ల నొప్పిని ఎంత చెప్పాలో ఆ అమ్మాయే నిర్ణయించుకోవాలి, చెప్పనందుకు ఒక్క మార్కు కూడా తగ్గకూడదు.

చివరగా ఈ సభలో ఉన్న ట్రస్టుల నిర్వాహకులకు, ఎంపిక సంఘాల సభ్యులకు నా మనవి. డిటెక్టరు అంకె ఒక్కటే చూసి ఏ దరఖాస్తునూ తిరస్కరించకండి. వాడుతున్నట్టయితే ఆ మాట దరఖాస్తు ఫారంలోనే రాయండి, ఏ సాయం తీసుకోవచ్చో, ఏది కూడదో కూడా అక్కడే చెప్పండి. అనుమానం వచ్చినవారిని పిలిచి పదిహేను నిమిషాలు మాట్లాడండి, తెలుగులో మాట్లాడనివ్వండి, ముసాయిదాలు తెచ్చుకోమనండి. అప్పటికీ తిరస్కరించాల్సి వస్తే కారణం కాగితం మీద రాసిచ్చి, జవాబు చెప్పుకోవడానికి ఒక వారం గడువివ్వండి. మా ట్రస్టులో ఈ పద్ధతి పెట్టుకున్నాం. దరఖాస్తులు చదవడానికి మునుపటికన్నా ఎక్కువ రోజులు పడుతోంది, ఆ రోజులు ఇవ్వగల సభ్యులనే సంఘంలోకి తీసుకుంటున్నాం.